మంచం పట్టిన రోగికి కేర్ ప్లాన్: "ప్రమాదం" అని రాయాలా, "ఉంది" అని రాయాలా?

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

అందరికీ నమస్కారం. నేను బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్నాను. మెడికల్ వార్డు పోస్టింగులో నాకు అప్పగించిన రోగికి కేర్ ప్లాన్ రాస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వివరాలను మార్చి ఇక్కడ పెడుతున్నాను.

రోగి వయస్సు 66 ఏళ్లు, బరువు 54 కిలోలు, స్వస్థలం పుత్తూరు వైపు పల్లె. పక్షవాతంతో ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయి పన్నెండు రోజులైంది. మధుమేహం ఉంది. పిలిస్తే పలుకుతారు, కానీ మాట స్పష్టంగా లేదు. ఎడమవైపు గిచ్చినా తెలియడం లేదు. రైల్స్ ట్యూబ్ ద్వారా ఆహారం ఇస్తున్నారు, మూత్రానికి కేథటర్ ఉంది. రోజుకు రెండు మూడు సార్లు పలచగా విరేచనం అవుతోంది. నడుము కింద, పిర్రల చీలికకు పైన ఎముక తగిలే చోట ఎర్రగా ఉంది, చర్మం మాత్రం చిట్లలేదు.

నేను రాసిన డయాగ్నసిస్: "పక్షవాతానికి సంబంధించి చర్మం దెబ్బతినే ప్రమాదం." లక్ష్యం: "రోగిని రెండు గంటలకు ఒకసారి తిప్పడం, చర్మాన్ని శుభ్రంగా ఉంచడం." ఒత్తిడి పుండు వచ్చే ప్రమాదాన్ని అంచనా వేసే, తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువని చెప్పే బ్రేడెన్ స్కోరు 12 వేశాను. చర్మం చిట్లలేదు కాబట్టి "ప్రమాదం" అనే రాయాలని నా స్నేహితురాలు అంటోంది, ఎరుపు ఉంది కాబట్టి సమస్య వచ్చేసినట్టేనని మా సీనియర్ అంటున్నారు. ఏది సరి?

నర్సింగ్ ట్యూటర్

అమ్మా, ఆ ఎరుపు మీద వేలితో నొక్కి చూశారా? మూడు సెకన్లు నొక్కి వదిలినప్పుడు అక్కడ క్షణకాలం తెల్లబడి మళ్లీ ఎర్రబడితే రక్తప్రసరణ ఇంకా నిలిచి ఉందని అర్థం. నొక్కినా తెల్లబడకపోతే అది మొదటి దశ ఒత్తిడి పుండు, అంటే సమస్య వచ్చేసినట్టే, చర్మం చిట్లవలసిన అవసరం లేదు. మన ప్రాంతపు రోగులలో చర్మం చామనఛాయగానో నల్లగానో ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కదానినే నమ్మవద్దు. చేతి వెనుక భాగాన్ని ఆనించి చుట్టుపక్కల కంటే వేడిగా ఉందా, గట్టిగా ఉందా, మెత్తగా నానినట్టు ఉందా అన్నది కూడా చూసి రాయండి.

మరో రెండు ప్రశ్నలు. ఎరుపు ఎముక మీదే గుండ్రంగా, అంచు తెలిసేలా ఉందా, లేక పిర్రల చీలిక పొడవునా చెదిరినట్టు ఉందా? రెండవది అయితే అది విరేచనం తడి వల్ల వచ్చిన ఒరుపు కావచ్చు, దాని కేర్ ప్లాన్ వేరు. ఇక, రోజంతా ఆయన ఏ భంగిమలో ఉంటున్నారో గంటల వారీగా రాయగలరా? అసెస్‌మెంట్ పత్రంలో అందుకు గడి ఉండదు, కానీ ఈ కేసులో కారణం అక్కడే దొరుకుతుందని నా అనుమానం.

విశ్రాంత స్టాఫ్ నర్సు, శ్రీకాళహస్తి

మేము డ్యూటీ చేసిన రోజుల్లో ఇంత చర్చ ఉండేది కాదు. ఉదయం, సాయంత్రం ప్రతి రోగిని పక్కకు తిప్పి, వీపుకు స్పిరిట్ రాసి, బాగా మర్దన చేసి, పౌడర్ చల్లేవాళ్లం. నడుము కింద గాలి రింగు పెట్టేవాళ్లం. మా వార్డులో బెడ్ సోర్ వచ్చిందంటే నైట్ సిస్టర్ నుంచి సంజాయిషీ అడిగేవారు. ఎర్రబడిన చోట రక్తం ఆడాలంటే రుద్దవలసిందే. మీ ప్లాన్‌లో బ్యాక్ కేర్ అన్న మాటే కనిపించడం లేదు.

నర్సింగ్ ట్యూటర్

మేడమ్, మీ తరం వార్డులలో పుండ్లు తక్కువగా ఉండడానికి కారణం నా దృష్టిలో స్పిరిట్ కాదు, రోజుకు రెండు సార్లు ప్రతి రోగి వీపునూ కళ్లారా చూడడం, ఆ నెపంతో అతడిని తిప్పడం. ఆ క్రమశిక్షణను ఈ ప్లాన్‌లో తప్పక ఉంచాలి. కానీ ఎర్రబడిన చోట రుద్దకూడదు. అక్కడ చర్మం కింద సన్నని రక్తనాళాలు, కణజాలం అప్పటికే నలిగి ఉంటాయి, మర్దన వాటిని ఇంకా చింపుతుంది. స్పిరిట్ చర్మాన్ని ఎండగట్టి పగిలేలా చేస్తుంది. పౌడర్ చెమటతో కలిసి ఉండలు కట్టి ఒరుసుకుంటుంది. రింగు మధ్యభాగానికి ఒత్తిడి తగ్గించినట్టు కనిపించినా, దాని అంచు చుట్టూ నొక్కి లోపలి చర్మానికి రక్తం అందకుండా చేస్తుంది.

విశ్రాంత స్టాఫ్ నర్సు, శ్రీకాళహస్తి

రింగు విషయం ఒప్పుకుంటాను, రింగు ఆకారంలోనే అచ్చు పడిన రోగులను నేనూ చూశాను. ఎరుపు లేని చోట కొబ్బరినూనెతో తేలికగా రాయడం మాత్రం తప్పని ఎవరు చెప్పినా నేను మానను.

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

మేడమ్, మీరు చెప్పినట్టు మళ్లీ చూశాను. ఎరుపు సేక్రమ్ ఎముక మీదే ఉంది, 4 సెంటీమీటర్ల పొడవు, 3 సెంటీమీటర్ల వెడల్పు, అంచు స్పష్టంగా ఉంది. నొక్కితే తెల్లబడడం లేదు. చుట్టుపక్కల కంటే వెచ్చగా, కొంచెం గట్టిగా ఉంది.

భంగిమ గురించి ఆయన కుమారుడిని అడిగితే నాకు ఆశ్చర్యం కలిగింది. ట్యూబ్ ఫీడ్ పొలమారకూడదని ఎవరో చెప్పారట. అందుకని ఉదయం ఆరింటి నుంచి రాత్రి తొమ్మిది వరకు మంచం తల భాగాన్ని బాగా ఎత్తి, దాదాపు కూర్చున్నట్టే ఉంచుతున్నారు. గంటకోసారి ఆయన కిందికి జారిపోతే ఇద్దరు చంకల కింద చేతులు వేసి పైకి లాగుతున్నారు. రాత్రి మాత్రం వెల్లకిలా పడుకోబెడుతున్నారు. మంచం మీద ఎయిర్ బెడ్ ఉంది. దాని మీద మాకింటాష్ అనే రబ్బరు షీటు, దాని మీద మడిచిన దుప్పటి, ఆపైన నడుము కింద అడ్డంగా పరిచే డ్రా షీట్ వేసి ఉన్నాయి.

నర్సింగ్ ట్యూటర్

ఇదీ కారణం. తల ఎత్తి ఉన్నప్పుడు శరీరం కిందికి జారుతుంది, కానీ చర్మం పరుపుకు అంటుకుని అక్కడే ఉంటుంది. లోపల ఎముక జరిగి, పైన చర్మం జరగక, మధ్యలో రక్తనాళాలు సాగి మూసుకుపోతాయి. పైకి లాగిన ప్రతిసారీ అదే గాయం తిరగబడి జరుగుతుంది. కాబట్టి ఈయనకు ఎరుపు పక్షవాతం వల్ల వచ్చిందనడం చాలదు. పక్షవాతాన్ని మీరు, నేను నయం చేయలేము. మనం మార్చగలిగిన కారణమే డయాగ్నసిస్‌లోకి రావాలి, లేకపోతే దాని నుంచి ఒక్క పని కూడా పుట్టదు.

నేనైతే ఇలా రాస్తాను: "ఎక్కువసేపు కూర్చోబెట్టిన భంగిమలో జారడం, ఎడమవైపు స్పర్శ లేకపోవడం, విరేచనం తడి, ఆహారంలో ప్రోటీన్ లోటు వీటికి సంబంధించి చర్మ సమగ్రత దెబ్బతినడం, దానికి ఆధారం సేక్రమ్ మీద 4 × 3 సెంటీమీటర్ల, నొక్కినా తెల్లబడని ఎరుపు." మీ సీనియర్ చెప్పినదే సరైనది. మడమలు, ఎడమ చీలమండ, ఎడమ తుంటి విషయంలో ఇంకా ఏమీ కాలేదు కాబట్టి అక్కడ మీ స్నేహితురాలి "ప్రమాదం" రెండవ డయాగ్నసిస్‌గా నిలుస్తుంది.

బ్రేడెన్ స్కోరు ఏ విభాగానికి ఎంత వేశారు?

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

స్పర్శ 3, తడి 2, కార్యకలాపం 1, కదలిక 2, పోషణ 3, ఒరిపిడి-జారుడు 1. ట్యూబ్ ఫీడ్ అందుతోంది కదా అని పోషణకు 3 వేశాను.

నర్సింగ్ ట్యూటర్

శరీరంలో సగభాగానికి నొప్పి తెలియకపోతే స్పర్శకు 2 వేయాలి. ఒకటి రెండు అవయవాలకే పరిమితమైతే 3. పోషణకు 3 వేయాలంటే ఆ ఫీడ్ ఆయన అవసరాలను దాదాపు తీర్చాలి. ఏమి ఇస్తున్నారు?

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

రోజుకు ఆరు సార్లు, ఒక్కోసారి 200 మిల్లీలీటర్లు. మూడు సార్లు పాలు, మూడు సార్లు ఇంటి నుంచి తెచ్చిన రాగి జావ. జావకు ఒక్కోసారి 30 గ్రాముల వరకు పిండి కలుపుతున్నామని చెప్పారు.

నర్సింగ్ ట్యూటర్

లెక్క వేద్దాం. ఒత్తిడి పుండు ఉన్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే ఈయనకు 68 నుంచి 81 గ్రాములు. మూడు గ్లాసుల పాలలో దాదాపు 20 గ్రాములు వస్తాయి. వంద గ్రాముల రాగి పిండిలోనే ఏడు గ్రాముల ప్రోటీన్ ఉంటుంది కాబట్టి మూడు జావలలో కలిపి ఆరు, ఆరున్నర గ్రాములకు మించదు. అవసరంలో సగం కూడా అందడం లేదు. జావ బలమని మన చిత్తూరు ఇళ్లలో గట్టి నమ్మకం, సంగటి తిని పొలం పనిచేసే మనిషికి అది నిజమే కావచ్చు, కానీ ట్యూబ్‌లో దిగేలా పలచన చేసిన జావ ఇలాంటి రోగికి సరిపోదు. పోషణకు 2 వేయండి.

అప్పుడు మొత్తం 10 అవుతుంది. 10 నుంచి 12 వరకు ఒకే వర్గం, అధిక ప్రమాదం, కాబట్టి మొత్తం మారినా వర్గం మారలేదు. అయినా దిద్దించడానికి కారణం ఉంది. పోషణకు 3 వేసి ఉంటే డైటీషియన్‌ను పిలవాలన్న ఆలోచనే మీ ప్లాన్‌లోకి వచ్చేది కాదు. మధుమేహం ఉంది కాబట్టి, కిడ్నీ పరీక్షల ఫలితాలు చూసిన తరువాతే ప్రోటీన్ పెంపును డైటీషియన్, డాక్టరు నిర్ణయిస్తారు. మీరు రాయవలసింది లోటు ఎంత ఉందన్న లెక్క, ఎవరికి, ఎప్పుడు తెలియజేశారన్న మాట.

పలమనేరు నుంచి ఒక కొడుకు

నేను నర్సును కాను, వెతుకుతుంటే ఈ చర్చ కనిపించింది. మా అమ్మకు తుంటి ఎముక విరిగి రెండు నెలలుగా మంచం మీదే ఉంది. కుడి మడమ మీద రూపాయి బిళ్ల అంత నల్లటి పొర ఏర్పడింది. చీము లేదు, వాసన లేదు. ఊరిలో ఒకరు దానిని బ్లేడుతో తీసేసి పసుపు పెట్టమంటున్నారు. మీరు చెప్పిన లెక్క ప్రకారం ప్రోటీన్ పెంచితే అది ఊడిపోతుందా?

వార్డు సిస్టర్, చిత్తూరు

తమ్ముడూ, దానిని కోయకండి. మడమ మీద ఎండి, గట్టిగా అంటుకుని ఉన్న నల్ల పొర కింద ఉన్న గాయానికి అదే కప్పు. మడమను మంచానికి తగలనివ్వకుండా పిక్క కింద పొడవునా దిండు పెట్టి, మడమ గాలిలో ఉండేలా చూడండి. పసుపు, పౌడర్ ఏమీ వద్దు. ఆహారం మాత్రమే దానిని ఊడగొట్టదు. పొర అంచు మెత్తబడినా, చుట్టూ ఎర్రబడి వాచినా, తడి ఊరినా, వాసన వచ్చినా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. అవేమీ లేకపోయినా ఈ వారంలో ఒకసారి సర్జన్‌కు చూపించి, పాదానికి రక్తప్రసరణ ఎలా ఉందో పరీక్షించమని అడగండి. అమ్మకు షుగర్ ఉంటే ఇంకా త్వరగా చూపించాలి.

ఇక అమ్మాయి ప్లాన్ గురించి. "రెండు గంటలకు ఒకసారి తిప్పాలి" అని ప్రతి విద్యార్థి రాస్తుంది. నైట్ డ్యూటీలో ముప్పై పడకలకు ఇద్దరం ఉన్నప్పుడు ఎవరు తిప్పుతారో ఎవరూ రాయరు. చార్టులో మాత్రం పది, పన్నెండు, రెండు, నాలుగు అని వరుసగా సంతకాలు ఉంటాయి, ఉదయం చూస్తే రోగి వెల్లకిలానే ఉంటాడు. ఎవరు, ఏ వేళకు, ఏ పక్కకు అన్నది పేరుతో రాయండి. రాత్రి పది, రెండు, ఆరు గంటలకు డ్యూటీ నర్సు, పన్నెండు, నాలుగు గంటలకు నేర్పించిన తరువాత కుమారుడు అని రాస్తే అది జరిగే అవకాశం ఉంది. మంచి పరుపు మీద ఉన్నవారిని రెండు, మూడు, నాలుగు గంటలకు తిప్పినా పుండ్లు రావడంలో తేడా కనిపించలేదని 2013లో ఒక అధ్యయనం వచ్చింది. కాబట్టి రాత్రి నాలుగు గంటలకు ఒకసారి అని నిజాయతీగా రాసినా నేను తప్పు పట్టను.

నర్సింగ్ ట్యూటర్

సిస్టర్, ఆ అధ్యయనం వృద్ధుల సంరక్షణ కేంద్రాలలో, అధిక సాంద్రత గల ఫోమ్ పరుపుల మీద, అప్పటికి పుండు లేని వారితో జరిగింది. ఈయనకు ఎరుపు వచ్చేసింది, పరుపు మీద ఏమేమి పరిచారో విన్నాము. ఈయన విషయంలో నాలుగు గంటలకు నేను ఒప్పుకోను. ఎవరి పని ఏదో పేరుతో రాయాలన్న మీ మాటను మాత్రం ప్రతి ప్లాన్‌కూ వర్తింపజేస్తాను.

ఫిజియోథెరపిస్టు, చంద్రగిరి

జారడం గురించి ఒక మాట. తల భాగాన్ని ఎత్తే ముందు మోకాళ్ల కింది భాగాన్ని ఎత్తండి, ఆ సౌకర్యం మంచానికి లేకపోతే తొడల కింద దిండు పెట్టండి, అప్పుడు కిందికి జారడం బాగా తగ్గుతుంది. ఫీడ్ ఇచ్చేటప్పుడు, తరువాత అరగంట నుంచి గంట వరకు 30 నుంచి 45 డిగ్రీలు చాలు, అరవై అవసరం లేదు. ఆ తరువాత 30 డిగ్రీలకు దించండి. పైకి జరపవలసి వస్తే డ్రా షీట్‌తో ఇద్దరు ఎత్తి జరపండి. పక్షవాతం వచ్చిన భుజాన్ని చంక కింద పట్టి లాగితే కీలు జారి, తరువాత నెలల తరబడి నొప్పి ఉంటుంది.

పక్కకు తిప్పినప్పుడు పూర్తిగా 90 డిగ్రీలు తిప్పితే తుంటి ఎముక మీద భారమంతా పడుతుంది. వీపు వెనుక దిండు ఆనించి 30 డిగ్రీల వాలులో ఉంచితే సేక్రమ్, తుంటి రెండూ తేలి ఉంటాయి. ఎడమవైపుకూ తిప్పాలి. భుజాన్ని ముందుకు తెచ్చి చేతికి ఆధారం ఇస్తే ఆ వైపు పడుకోవడం మంచిదే.

వార్డు సిస్టర్, చిత్తూరు

సర్, ఎడమవైపు నొప్పి తెలియని మనిషిని ఆ వైపు రెండు గంటలు ఉంచడానికి నాకు ధైర్యం చాలదు. నేనైతే ఎడమవైపు అరగంటకు మించి ఉంచను.

ఫిజియోథెరపిస్టు, చంద్రగిరి

అరగంటకే పరిమితం చేస్తే మిగిలిన సమయమంతా కుడివైపు, వెల్లకిల మాత్రమే మిగులుతాయి, వెల్లకిల ఇప్పుడు సేక్రమ్‌కు పనికిరాదు. గంట సేపు ఉంచి, ఆ తరువాత ఎడమ తుంటిని, చీలమండను చూసి, ఎరుపు లేకపోతే పెంచండి. ఈ విషయంలో మనిద్దరికీ కుదరకపోవచ్చు.

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

అందరి మాటలూ పెట్టుకుని మళ్లీ రాశాను. లక్ష్యాలు ఇవి: 72 గంటలలో సేక్రమ్ మీది ఎరుపు 4 × 3 సెంటీమీటర్ల కంటే తగ్గి, నొక్కితే తెల్లబడుతుంది, చర్మం చిట్లకుండా ఉంటుంది. అదే వ్యవధిలో మరెక్కడా కొత్త ఎరుపు కనిపించదు. రెండవ రోజు సాయంత్రానికి రోగి కుమారుడు 30 డిగ్రీల వాలును, డ్రా షీట్‌తో జరపడాన్ని నా ఎదుట సరిగా చేసి చూపిస్తాడు.

పనులలో మొదటిది ఫీడ్ వేళలకు కట్టిన భంగిమల పట్టిక, పేర్లతో సహా. ఎయిర్ బెడ్ మీది మాకింటాష్, దుప్పటి తీసివేసి ఒక్క పలచని షీటు ఉంచుతాము. విరేచనం అయిన వెంటనే సబ్బు లేకుండా గోరువెచ్చని నీటితో తుడిచి, ఒత్తి ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ పూత వేస్తాము. విరేచనానికి కారణం ఫీడా, మందులా అన్నది డాక్టరును అడుగుతాము. ఎయిర్ బెడ్ పని చేస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి? మోటారు చప్పుడు వస్తూనే ఉంది.

వార్డు సిస్టర్, చిత్తూరు

చప్పుడును నమ్మవద్దు. ఆయన పడుకుని ఉండగా నడుముకు సూటిగా పరుపు కిందికి అరచేతిని చొప్పించండి. చేతికీ ఆయన శరీరానికీ మధ్య అంగుళం మందం గాలి కూడా లేదనిపిస్తే ఆయన మంచం చెక్క మీదే ఉన్నట్టు. మోటారు మీద బరువు సెట్టింగు ఉంటుంది, దానిని 54 కిలోలకు తగినట్టు పెట్టండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ మళ్లీ చూడండి, వేసవిలో ఇది చాలాసార్లు జరుగుతుంది.

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

మూడు రోజుల తరువాత రాస్తున్నాను. సేక్రమ్ మీది ఎరుపు 2 × 2 సెంటీమీటర్లకు తగ్గింది, నొక్కితే తెల్లబడుతోంది, వెచ్చదనం లేదు. కుమారుడు రెండు పనులూ సరిగా చేసి చూపించాడు. డైటీషియన్ ఫీడ్ మార్చారు. అయితే ఈ ఉదయం ఎడమ చీలమండ బయటి ఎముక మీద ఒక సెంటీమీటరు ఎరుపు కనిపించింది, నొక్కితే తెల్లబడడం లేదు. రాత్రి ఎడమవైపు ఉంచినప్పుడు కాళ్ల మధ్య దిండు జారిపోయిందని కుమారుడు చెప్పాడు. మొదటి లక్ష్యం నెరవేరింది కాబట్టి మూల్యాంకనంలో "లక్ష్యం నెరవేరింది" అని రాయవచ్చా?

నర్సింగ్ ట్యూటర్

మూడు లక్ష్యాలకూ విడివిడిగా రాయండి. మొదటిది నెరవేరింది, కొలతతో, తేదీతో, వేళతో. మూడవది నెరవేరింది. రెండవది నెరవేరలేదు, కారణం దిండు జారడం. దాని కింద ప్లాన్‌లో మార్పు రావాలి: చీలమండ ప్రమాదం జాబితా నుంచి వాస్తవ సమస్యగా మారుతుంది, ఎడమవైపు వ్యవధి తగ్గుతుంది, దిండును మోకాలి నుంచి పాదం దాటే వరకు పెట్టి తిప్పిన అరగంటకు ఒకసారి చూడాలి. ఈ ఎరుపును మరో రెండు మూడు రోజులు జాగ్రత్తగా గమనించండి. అది ఊదా రంగుకో, ముదురు గోధుమ రంగుకో మారి, నొక్కితే మెత్తగా తగిలితే అది మొదటి దశ కాదు, లోపలి కణజాలం ముందే దెబ్బతిందని అర్థం, వెంటనే డాక్టరుకు తెలపాలి. సేక్రమ్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

వార్డు సిస్టర్, చిత్తూరు

ఎడమవైపు అరగంట అని నేను అన్నది ఇందుకే.

ఫిజియోథెరపిస్టు, చంద్రగిరి

సిస్టర్, దిండు జారింది, అది వ్యవధి తప్పు కాదు. అమ్మాయీ, ఆ రాత్రి ఎడమవైపు ఎంతసేపు ఉంచారో చార్టులో ఉందా?

మూడో సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

పన్నెండు గంటలకు తిప్పినట్టు కుమారుడి పేరు ఉంది సర్, రెండు గంటల గడిలో సంతకం లేదు. ఈ రాత్రి నుంచి తిప్పిన వేళతో పాటు ఏ పక్కకు అన్నది, దిండు స్థానం చూసినది ఎవరు అన్నది రాయడానికి రెండు గడులు కలుపుతున్నాను.